‘లో’ ఒక్కటే, జవాబులు మూడు: జపనీస్ పరీక్షకు రివిజన్ షీట్లు

జపనీస్ క్లాసులో చేరి ఆర్నెల్లు గడిచేసరికి ఎవరి సంచిలో చూసినా బొత్తెడు హ్యాండౌట్లు ఉంటాయి. వాటి రూపం దాదాపు ఒకటే. పైన ఆ రోజు వ్యాకరణాంశం, పక్కన ఇంగ్లీషులో దాని అర్థం, కింద అయిదారు నమూనా వాక్యాలు, ఇంకా కింద నింపాల్సిన ఖాళీలు. పరీక్ష దగ్గరపడగానే చాలామంది ఈ బొత్తిని మొదటి కాగితం నుంచి చివరిదాకా మళ్లీ చదువుతారు. ఇంకొందరు అందంగా ఒక నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకుంటారు. ఈ రెండు పనుల మీదా బోలెడు సమయం ఖర్చవుతుంది, మార్కులు మాత్రం అంతగా పెరగవు. అందుకు కారణం హ్యాండౌట్ అమరికలోనే ఉంది.

నేను చెప్పబోయేది జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షకు ఉద్దేశించిన షీట్ల గురించి. ఏటా జూలైలో మొదటి ఆదివారం, డిసెంబరులో మొదటి ఆదివారం ఈ పరీక్ష జరుగుతుంది. అన్నిటికన్నా తేలికైన ఎన్-5 నుంచి కష్టమైన ఎన్-1 దాకా అయిదు స్థాయిలు. 2019లో జపాన్ తెచ్చిన ‘నిర్దిష్ట నైపుణ్య కార్మికుల’ వీసాకు చూపించగల భాషార్హతల్లో ఎన్-4 ఒకటి. వృద్ధుల సంరక్షణ వంటి పనుల కోసం జపాన్ వెళ్లాలనుకునే మన నర్సింగు విద్యార్థులు ఎక్కువగా ఆగేది ఈ మెట్టు దగ్గరే. అందుకే ఎన్-4నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఇందులో మాట్లాడాల్సిందీ వ్యాసాలు రాయాల్సిందీ ఏమీ లేదు. ఇచ్చిన వాటిలో సరైనదాన్ని ఎంచుకుని, దాని గడి నల్లగా దిద్దడమే. పదజాలానికి 25 నిమిషాలు, వ్యాకరణానికీ చదివి అర్థం చేసుకునే భాగానికీ కలిపి 55, వినికిడికి 35. మొత్తం 180 మార్కుల్లో 90 వస్తే పాస్. అయితే పదజాలం, వ్యాకరణం, పఠనం కలిసిన 120లో కనీసం 38, వినికిడి 60లో కనీసం 19 విడిగా రావాలి. ఫలానా పదాలు, ఫలానా వ్యాకరణాంశాలు వస్తాయని చెప్పే అధికారిక జాబితాను 2010లో పరీక్ష కొత్త రూపం దాల్చాక నిర్వాహకులు ప్రచురించడం లేదు. కాబట్టి విద్యార్థి చేతిలో ఉన్న అసలైన సామగ్రి క్లాసు పుస్తకం, దానితోపాటు ఇచ్చిన హ్యాండౌట్లే.

హ్యాండౌట్‌లో ఉన్న చిక్కు ఏమిటంటే, అది ఒక్కో అంశాన్ని విడివిడిగా నేర్పడానికి తయారైన కాగితం. ‘దె’ అనే ప్రత్యయం చెప్పిన రోజున కింది ఖాళీలన్నిటికీ జవాబు ‘దె’యే. వాక్యం చదవకుండా నింపినా పదికి పది వస్తాయి. పరీక్షలో మాత్రం ‘ని’, ‘దె’, ‘ఒ’, ‘గ’ నాలుగూ ఎదురుగా నిలబడి ఉంటాయి. అక్కడ తెలియాల్సింది ‘దె’కి అర్థమేమిటన్నది కాదు, ఈ వాక్యంలో ‘ని’ కాకుండా ‘దె’యే ఎందుకన్నది. ఆ పోలిక ఏ ఒక్క హ్యాండౌట్‌లోనూ దొరకదు, ఎందుకంటే పోల్చాల్సిన రెండూ వేర్వేరు వారాల్లో చెప్పినవి. రివిజన్ షీట్ చేయాల్సిన పని వేర్వేరు కాగితాల్లో చెదిరి ఉన్న అలాంటి వాక్యాలను ఒకచోటికి చేర్చడం.

మరి దేన్ని దేని పక్కన పెట్టాలి? ఇక్కడ తెలుగు వాళ్లకు మంచి కొలబద్ద ఒకటుంది. తెలుగు ఒకే మాట వాడేచోట జపనీస్ రెండుమూడు వాడుతుంటే, అక్కడ తడబాటు ఖాయం. అలాంటి వాటికి షీట్ తప్పకుండా కావాలి. జపనీస్ గీసిన గీతనే తెలుగు కూడా గీసుకున్నచోట ఆ తెలుగు మాటను ఎదురుగా రాసుకుంటే చాలు, సగం పని అయిపోయినట్టే. హ్యాండౌట్ల మీద అర్థాలు ఇంగ్లీషులో ఉండడం వల్ల ఈ రెండు సంగతులూ మన కంటికి ఆనవు.

మొదటి రకానికి ‘లో’ను మించిన ఉదాహరణ లేదు. చాలా క్లాసుల్లో వాడే ‘మిన్నా నొ నిహొన్గొ’ పుస్తకంలో ఒక పని జరిగే చోటును చెప్పే ‘దె’ 6వ పాఠంలో వస్తుంది. ఏదైనా ఉన్న చోటును చెప్పే ‘ని’ 10లో, రైలు ఎక్కడం దిగడం 16లో, ఎక్కడో ఒక కార్యక్రమం ఉందని చెప్పడం 21లో, ఒక చోటు గుండా సాగిపోవడాన్ని చెప్పే ‘ఒ’ 23లో వస్తాయి. అంటే నెలల తేడాతో వచ్చిన అయిదు కాగితాలు. వాటిని నేల మీద పరిచి, ఒక్కోదాని నుంచి ఒకటిరెండు వాక్యాలు ఏరి, ఎడమవైపు తెలుగు, కుడివైపు జపనీస్ రాస్తే షీట్ ఇలా వస్తుంది.

పార్కులో మనుషులున్నారు. — కోఎన్ ని హితొ గ ఇమస్.
పార్కులో కచేరీ ఉంది. — కోఎన్ దె కొన్సాతొ గ అరిమస్.
పార్కులో నడుస్తాను. — కోఎన్ ఒ అరుకిమస్.
టోక్యోలో ఉంటున్నాను. — తోక్యో ని సున్దె ఇమస్.
బ్యాంకులో పనిచేస్తున్నాను. — గిన్కో దె హతరైతె ఇమస్.
బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. — గిన్కో ని త్సుతొమెతె ఇమస్.
బస్సు ఎక్కాను. — బసు ని నొరిమషిత.
బస్సు దిగాను. — బసు ఒ ఒరిమషిత.

మొదటి మూడు వాక్యాల్లో పార్కు మారలేదు, తెలుగు ‘లో’ మారలేదు, జపనీస్ ప్రత్యయం మాత్రం మూడుసార్లు మారింది. మనుషులు పార్కులో ఉన్నారు, అది ఉనికి, కాబట్టి ‘ని’. కచేరీ కూడా ‘ఉంది’ అనే అంటాం, కానీ అది అక్కడ జరిగే పని, కాబట్టి ‘దె’. నడక ఆ చోటు గుండా సాగేది, కాబట్టి ‘ఒ’. విడివిడిగా చదివితే ఈ మూడూ మూడు సూత్రాలు. ఒకదాని కింద ఒకటి రాస్తే చోటు పేరు చూసి ప్రత్యయం పెట్టకూడదని, వాక్యం చివరిదాకా వెళ్లి క్రియ ఏమిటో చూసి వెనక్కి రావాలని కళ్లకే తెలుస్తుంది. తెలుగులోలాగే జపనీస్‌లోనూ క్రియ చివరనే ఉంటుంది కనుక, ఖాళీ దగ్గర ఆగిపోకుండా ముందు చివరికి చూడడం మనకు పెద్ద ఇబ్బంది కాదు.

అయిదు, ఆరు వాక్యాలు ఇంకా పదునైనవి. రెండిటి భావమూ ఇంచుమించు ఒకటే. ‘హతరకు’ అంటే పనిచేయడం, అది చేష్ట. ‘త్సుతొమెరు’ అంటే ఒక సంస్థలో కొలువులో ఉండడం. సూత్రం ఎంత బాగా వచ్చినా ఈ రెండోది తర్కంతో తట్టదు, వాక్యంగానే గుర్తుండాలి. అందుకే నమూనా వాక్యం లేని వ్యాకరణ షీట్‌ను నేను షీట్‌గా లెక్కపెట్టను. ‘ని: ఉనికి, దె: చర్య’ అని రెండు మాటలు రాసుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు రెండో రకం. హ్యాండౌట్లలో విద్యార్థులను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది 29వ పాఠం చుట్టూ వచ్చే క్రియల జంటల పట్టిక. ‘అకు, అకెరు’ రెండిటికీ పక్కన ఇంగ్లీషులో ఓపెన్ అనే ఉంటుంది. ‘తొమరు, తొమెరు’ రెండిటికీ స్టాప్ అనే ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోలేక పట్టిక మొత్తం బట్టీ పడతారు, వారంలో అంతా కలగాపులగమవుతుంది. ఆ ఇంగ్లీషు మాటలు కొట్టేసి తెలుగు రాసి చూడండి. కిటికీ తెరుచుకుంది, మదొ గ అకిమషిత. కిటికీ తెరిచాను, మదొ ఒ అకెమషిత. కారు ఆగింది, కురుమ గ తొమరిమషిత. కారు ఆపాను, కురుమ ఒ తొమెమషిత. లైటు ఆరింది, దెన్కి గ కియెమషిత. లైటు ఆర్పాను, దెన్కి ఒ కెషిమషిత. ఆగు–ఆపు, ఆరు–ఆర్పు, మారు–మార్చు, విరుగు–విరుచు అని తనంతట జరిగేదానికీ ఎవరో చేసేదానికీ తెలుగు వేర్వేరు క్రియలు ఉంచుకుంది. జపనీస్ కూడా అదే చేసింది. ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన భేదం కాదు, చిన్నప్పటి నుంచి మన నోట్లో ఉన్నదే.

మిగిలేది జపనీస్ జంటలో ఏ రూపం ఎటువైపు అన్న గుర్తింపు. ఇక్కడ చాలామంది ‘-ఎరు’తో ముగిస్తే చేసే క్రియ అని సూత్రం కట్టుకుంటారు. అకెరు, తొమెరులకు అది సరిపోతుంది. కానీ ‘కియెరు’ అంటే ఆరిపోవడం, ‘ఒరెరు’ అంటే విరగడం, ‘యకెరు’ అంటే కాలడం. ఇవన్నీ తనంతట జరిగేవే. కాబట్టి -ఎరును నమ్మకూడదు. జంటల్లో ‘-సు’తో ముగిసేవి, అంటే కెసు, దసు, ఒతొసు, కొవసు వంటివి ఎవరో చేసే పనులు. ‘-అరు’తో ముగిసేవి, అంటే తొమరు, షిమరు, హజిమరు వంటివి తనంతట జరిగేవి. ఈ రెండు గుర్తులూ షీట్ పైన ఒక్క వాక్యంలో రాసుకుని, వాటికి అందని కియెరు, ఒరెరు లాంటి వాటికి మాత్రమే వాక్యాలు రాస్తే పట్టిక సగానికి తగ్గుతుంది.

ఈ జంటల తర్వాత వచ్చే మెలిక ఇంకొకటి. ‘మదొ గ ఐతె ఇమస్’ అన్నా కిటికీ తెరిచి ఉందనే, ‘మదొ గ అకెతె అరిమస్’ అన్నా తెరిచి ఉందనే. మొదటిదానిలో ఎవరు తెరిచారన్న ఆలోచన లేదు, తెరుచుకుని ఉంది అంతే. రెండోదానిలో ఎవరో ఏదో ఉద్దేశంతో తెరిచి ఉంచారు. ఎడమవైపు రెండిటికీ ‘తెరిచి ఉంది’ అని రాసుకుంటే షీట్ అక్కరకు రాదు. ‘తెరుచుకుని ఉంది’, ‘తెరిచి ఉంచారు’ అని విడదీసి రాయాలి. కొంచెం ఓపిక పడితే ఇలాంటి విడదీత తెలుగులో దాదాపు ప్రతిచోటా సాధ్యమే. ‘తబెతె మిమషిత’కు తిని చూశాను, ‘తబెతె షిమైమషిత’కు తినేశాను, ‘కత్తె ఒకిమషిత’కు కొని ఉంచాను. ఇంగ్లీషులో ఒక్కోదానికీ పొడుగాటి వివరణ ఇవ్వాల్సిన ఈ మూడూ తెలుగులో మూడు మామూలు మాటలు.

వాక్యాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు గట్టిదే: హ్యాండౌట్ నుంచే, మీరు కల్పించినవి వద్దు. ఈ స్థాయిలో సొంతంగా రాసిన జపనీస్ వాక్యంలో తప్పుంటే దాన్ని పట్టుకునేవాళ్లు లేకుండానే కంఠస్థం అయిపోతుంది. మరీ మార్చాలనిపిస్తే మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మార్చుకోండి. ప్రత్యయాన్నీ క్రియనూ ముట్టుకోకండి.

హ్యాండౌట్ వాక్యమైనా సరే ఖాళీ పెట్టేముందు ఒకసారి పరీక్షించాలి. ‘తొషొకన్ (  ) హొన్ ఒ యొమిమస్’ అన్న వాక్యం తీసుకోండి. తొషొకన్ అంటే గ్రంథాలయం. జవాబు ‘దె’ అనుకుని ఖాళీ పెట్టాం: గ్రంథాలయంలో పుస్తకం చదువుతాను. కానీ ‘నొ’ పెట్టినా వాక్యం నిక్షేపంగా ఉంటుంది: గ్రంథాలయం పుస్తకం చదువుతాను. ఇలా రెండు జవాబులున్న ఖాళీ ఏమీ నేర్పదు. పైగా ‘నొ’ రాసిన మనిషి తప్పు చేశాననుకుని సరైన దాన్ని వదిలేస్తారు. ‘తొషొకన్ దె బెన్క్యో షిమషిత’, అంటే గ్రంథాలయంలో చదువుకున్నాను అన్న వాక్యమైతే ‘నొ’కు చోటు ఉండదు.

ఈ పరీక్షలో నక్షత్రం ప్రశ్నలని కొన్ని వస్తాయి. వాక్యంలో నాలుగు ఖాళీలుంటాయి, వాటిలో ఒకదాని మీద నక్షత్రం గుర్తు ఉంటుంది. ఇచ్చిన నాలుగు ముక్కలను వరసలో పేర్చి, నక్షత్రం చోట పడే ముక్కను గుర్తించాలి. హ్యాండౌట్ వాక్యాలను ముక్కలు చేసి ఇలాంటివి తయారుచేసుకోవడం మంచి సాధన. అయితే ఇక్కడే జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. ‘వతషి వ’తో మొదలై ‘కయెషిమషిత’తో ముగిసే వాక్యం అనుకుందాం. మధ్యలో పేర్చాల్సినవి ‘మొరత్త’, ‘హొన్ ఒ’, ‘తొమొదచి ని’, ‘కషితె’. తయారుచేసినవారు అనుకున్న వరస ఇది: వతషి వ, తొమొదచి ని, కషితె, మొరత్త, హొన్ ఒ, కయెషిమషిత. అంటే స్నేహితుడి దగ్గర అరువు తీసుకున్న పుస్తకాన్ని తిరిగిచ్చేశాను. నక్షత్రం మూడో ఖాళీలో ఉంటే జవాబు ‘మొరత్త’. కానీ ‘కషితె, మొరత్త, హొన్ ఒ, తొమొదచి ని’ అని పేర్చినా వాక్యం నిలబడుతుంది: అరువు తీసుకున్న పుస్తకాన్ని స్నేహితుడికి తిరిగిచ్చేశాను. అప్పుడు మూడో ఖాళీలో పడేది ‘హొన్ ఒ’. 

చివరి క్రియ ఒక్కటి మారిస్తే చిక్కు విడిపోతుంది. ‘కయెషిమషిత’ బదులు ‘నకుషిమషిత’, అంటే పోగొట్టుకున్నాను అని పెట్టండి. పోగొట్టుకోవడానికి ‘స్నేహితుడికి’ అన్న మాట అతకదు, కాబట్టి ‘తొమొదచి ని’ మొదట్లోనే నిలవక తప్పదు. ఇది చేస్తుంటే ఇంకో సంగతి కూడా మనసుకు పడుతుంది. ‘ని’ అన్నది చాలాచోట్ల మన ‘కి’లాంటిదే. ‘తొమొదచి ని అగెమషిత’ అంటే స్నేహితుడికి ఇచ్చాను. కానీ ‘తొమొదచి ని మొరైమషిత’ అంటే స్నేహితుడి దగ్గర తీసుకున్నాను. ఇచ్చినవాడి పేరు తర్వాత కూడా అదే ‘ని’. ఈ రెండు వాక్యాలూ షీట్‌లో ఒకే వరసలో ఉండాలి.

పదాల షీట్ గురించి చెప్పాల్సింది తక్కువ. మాటను ఒంటరిగా రాయవద్దు, అది ఏ క్రియతో కలిసి తిరుగుతుందో ఆ జతగా రాయండి. ఎన్-4లో ఒక పదమిచ్చి, దాన్ని సరిగ్గా వాడిన వాక్యమేదో ఎంచుకోమనే ప్రశ్న వస్తుంది, అది ఎన్-5లో లేదు. మనం చొక్కా వేసుకుంటాం, చెప్పులూ వేసుకుంటాం. టోపీ పెట్టుకుంటాం, కళ్లజోడూ పెట్టుకుంటాం. జపనీస్‌లో చొక్కాకు కిరు, చెప్పులకూ ప్యాంటుకూ హకు, టోపీకి కబురు, కళ్లజోడుకు కకెరు. నాలుగింటికి నాలుగు క్రియలు. ఇక్కడా మన కొలబద్దే పనిచేస్తుంది. మన మాటలు తక్కువై వాళ్లవి ఎక్కువైనచోట జతలన్నీ ఒకే షీట్ మీదికి రావాలి.

ఈ వ్యాసంలో జపనీస్ వాక్యాలను చదివే సౌకర్యం కోసం తెలుగు లిపిలో ఇచ్చాను. మీ షీట్ మీద మాత్రం అలా రాయకండి. హ్రస్వ దీర్ఘాలు, ఎ ఒ ల భేదం మన లిపిలో చక్కగా పలుకుతాయి కనుక ఆశ పుడుతుంది, కానీ పరీక్ష కాగితం మీద ఉండేవి హిరగాన, కతకాన, కాంజీలే. తెలుగు లిపిలో షీట్ చదివినవాళ్లకు భాష వచ్చి, చదవడంలో వేగం రాక, 55 నిమిషాలు చాలవు. ఎడమ సగం తెలుగు, కుడి సగం హ్యాండౌట్‌లో ఉన్న జపనీస్ లిపి యథాతథంగా. కాగితాన్ని నిలువుగా మధ్యకు మడిచి, తెలుగు చూస్తూ జపనీస్‌ను వేరే కాగితం మీద రాసి, విప్పి సరిచూసుకోవాలి. ఒక షీట్ మీద పన్నెండు, పదిహేను వాక్యాలు మించితే కూర్చున్నపళాన పూర్తికాదు. తప్పినవాటి పక్కన చుక్క పెట్టి, ఒకరోజు వదిలి చుక్కలున్నవే మళ్లీ చేయాలి. మళ్లీ తప్పిన వాటిని కొత్త కాగితం మీదికి ఎక్కించాలి. వరస గుర్తుండి జవాబు వచ్చేస్తోందని అనుమానం వస్తే కింది నుంచి పైకి చేయండి. అలా చేసినప్పుడు తప్పులు పెరిగితే, ఇంతకుముందు గుర్తున్నది వాక్యం కాదు, దాని స్థానం.

వినికిడి భాగానికి ఈ షీట్లు కొంతవరకే ఉపకరిస్తాయి. హ్యాండౌట్‌లో ‘ఐతె ఇరు’ అని నిండుగా రాసింది మాటల్లో ‘ఐతెరు’ అవుతుంది, ‘కత్తె ఒకు’ ‘కత్తొకు’ అవుతుంది, ‘తబెతె షిమౌ’ ‘తబెచౌ’ అవుతుంది. ఇలా కుదించుకుపోయిన రూపాన్ని వాక్యం కింద చిన్న అక్షరాల్లో రాసుకోవచ్చు. చెవికి పట్టాలంటే మాత్రం పాఠం ఆడియో వినాల్సిందే, 19 మార్కుల కనీసం కాగితంతో దాటేది కాదు.

ఫలితాలు వచ్చాక షీట్లను పారేయకండి. ఎన్-4 మార్కుల పత్రం మీద పదజాలం, వ్యాకరణం, పఠనం అనే వాటికి విడివిడిగా ఏ, బీ, సీ అక్షరాలు వేస్తారు. మూడింట రెండొంతుల జవాబులు సరైతే ఏ, మూడోవంతుకు తక్కువైతే సీ, మధ్యలో బీ. వ్యాకరణానికి బీ పడితే ఎన్-3 పుస్తకం తెరవకముందు ‘లో’ షీట్‌నూ క్రియల జంటల షీట్‌నూ తీసి చుక్కలు ఎక్కడెక్కడ మిగిలాయో చూడండి.